నామినీ సొమ్ము అందుకొనేవాడు, దానికి యజమాని కాడు



మన పత్రికలో జీతభత్యాలను గురించి, బదిలీలను గురించి, పనిగంటలను గురించి తరచుగా వ్రాసుకొంటూ వుంటాము. జీవితకాలమంతా పోరాడి సంపాదించుకొన్న జీతంలో మిగిల్చిన నాలుగు రాళ్ళు, మన కన్ను మూసిన తరువాత ఎవరికి చెందుతాయి అన్న విషయాన్ని గురించి మాత్రం వ్రాసుకొన్నది తక్కువ. ఉద్యోగంలో చేరిననాడు ఒక ఫారంపై ఎవరిదో పేరు వ్రాసి సంతకం పెట్టుటతో ఆ పని ముగిసినదని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమైనదో పుదుచ్చేరి పట్టణంలోని తేంగాయితిట్టులో ఒక ఇంటి వరండాలో కూర్చుని నేను కళ్ళారా చూచినాను. ఆ కుటుంబంవారి పేర్లు ఇక్కడ చెప్పను. విషయం మాత్రం దాచను.

ఆయన తపాలా ఉద్యోగి. స్వస్థలం యానాం. గోదావరి ఒడ్డున వున్న యానానికి, సముద్రపు కయ్య ఒడ్డున వున్న తేంగాయితిట్టుకు మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం వున్నప్పటికీ, రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోనివి. ఉద్యోగరీత్యా వచ్చి, చేపల రేవుకు వెళ్ళే దారిలో చిన్న ఇల్లు కట్టుకొని స్థిరపడినాడు. యాభై నాలుగవ యేట గుండెపోటుతో పోయినాడు. తల్లి జీవించి వున్నది. భార్య, కుమారుడు, కుమార్తె వున్నారు. యానాంలో ఒక తమ్ముడు వున్నాడు. కుమార్తెకు ఇంకా పెళ్ళి కాలేదు.

పెద్దకర్మ ముగిసిన మరునాడు ఇనుపపెట్టెలోని కాగితాలు చాపమీద పరచి చూచినాము. జాతీయ పొదుపు పత్రాలు 4 లక్షల రూపాయల విలువగలవి వున్నవి. వాటిలో నామినీగా తమ్ముని పేరు వున్నది. పెళ్ళికి ముందునుండి పొదుపు కాగితమేది కొన్నా తమ్ముని పేరే వ్రాయుట ఆయనకు అలవాటు. ఆ అలవాటు పెళ్ళైన తరువాత కూడా మారలేదు. బ్యాంకులో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్టు వున్నది. దానికి నామినీ కుమారుడు. ఇవిగాక, తెల్లకాగితంపై స్వహస్తాలతో వ్రాసిన ఒక వీలునామా దొరికినది. “బ్యాంకులో నా పేరనున్న డిపాజిట్లన్నియు నా కుమార్తెకు చెందవలెను” అని అందులో వున్నది. క్రింద ఆయన సంతకం, ఇద్దరు తోటి ఉద్యోగుల సాక్షి సంతకాలు వున్నవి. రిజిస్టరు కాలేదు. ప్రావిడెంట్ ఫండ్ విషయంలో మాత్రం ఆయన పెళ్ళైన యేటనే భార్య పేరు వ్రాయించినాడు గనుక ఆ సొమ్ముకు చిక్కు రాలేదు.

అప్పుడు వరండాలో మూడు మాటలు వినబడినవి. “అన్నయ్య నా పేరు వ్రాసినాడు గదా, పత్రాల సొమ్ము నాదే” అని తమ్ముడు. “బ్యాంకు నన్నే పిలుస్తుంది, సొమ్ము నాదే” అని కుమారుడు. “నాన్న నాకని వ్రాసిన కాగితం ఎందుకు పనికివస్తుంది?” అని కుమార్తె. ముగ్గురిలో ఎవరూ దుర్మార్గులు కారు. ముగ్గురూ తమకు తెలిసిన న్యాయాన్నే మాట్లాడినారు. తల్లి, భార్య ఏమీ అడుగలేదు. తమకు ఏదైనా హక్కు వున్నదన్న సంగతి వారికి తెలియనే తెలియదు.

ఆ మూడు మాటలకు సమాధానం చెప్పుటకే ఈ వ్యాసం.

నామినీ అనగా ఎవరు?

డబ్బు దాచుకొన్న మనిషి పోయిన తరువాత, ఆ డబ్బును ఎవరి చేతికి ఇస్తే తన బాధ్యత తీరిపోతుందో తెలిసికొనుటకు పోస్టాఫీసుకు గాని, బ్యాంకుకు గాని ఒక పేరు కావలెను. ఆ పేరే నామినీ. నామినీ రసీదుపై సంతకం చేసిన క్షణంలో ఆఫీసుకు విముక్తి లభిస్తుంది. తరువాత ఎవరు వచ్చి “అది నాకు రావలసిన సొమ్ము” అన్నా ఆఫీసు రెండవసారి చెల్లించనవసరం లేదు. నామినేషన్ చేసే పని ఇంతవరకే. ఆ సొమ్ము చివరకు ఎవరిది అన్న ప్రశ్నను అది ముట్టుకోదు. దానికి సమాధానం వీలునామాలో వుంటుంది. వీలునామా లేకపోతే వారసత్వ చట్టంలో వుంటుంది.

ఈ మాటను సుప్రీంకోర్టు 1983 డిసెంబరులో సర్బతీ దేవి – ఉషా దేవి కేసులో స్పష్టం చేసినది. ఒకాయన రెండు జీవిత బీమా పాలసీలు తీసికొని భార్యను నామినీగా వ్రాసినాడు. 1967లో వీలునామా లేకుండా మరణించినాడు. నామినీని గనుక సొమ్మంతా నాదేనని భార్య అన్నది. తల్లి, కుమారుడు కోర్టుకు వెళ్ళి తమ వాటాలు అడిగినారు. నామినీ కేవలం సొమ్ము అందుకొనే చేయి అనియు, అందుకొన్న సొమ్ము మృతుని ఆస్తిలో భాగమే అనియు, దానిని వారసులు తమ వాటాల ప్రకారం రాబట్టుకొనవచ్చు ననియు కోర్టు తీర్పు చెప్పినది.

అది బీమాకు సంబంధించిన తీర్పు గదా, మన పోస్టాఫీసు పత్రాలకు ఎట్లా వర్తిస్తుందని కొందరు వాదించినారు. నాటి పొదుపు పత్రాల చట్టంలో “ఇతరులందరినీ మినహాయించి” నామినీకే చెల్లించవలెనన్న గట్టి మాట వుండినది. ఆ మాటను పట్టుకొని ఒక నామినీ సుప్రీంకోర్టు వరకు వెళ్ళినాడు. 2000 సంవత్సరంలో వచ్చిన తీర్పు ఏమనగా, ఇతరులను మినహాయించినది సొమ్ము పుచ్చుకొనుట వరకే గాని, అనుభవించుటకు కాదు. 2010లో ఇదే సూత్రం బ్యాంకు డిపాజిట్లకు వర్తిస్తుందని కోర్టు చెప్పినది. 2023 డిసెంబరులో కంపెనీ వాటాలకు, మ్యూచువల్ ఫండ్లకు కూడా ఇంతేనని చెప్పినది. ఇట్లా నలభై సంవత్సరాలపాటు, సొమ్ము ఏ రూపంలో వున్నా, కోర్టు ఒకే మాటపై నిలిచినది.

ఒక్క చోట మాత్రం చట్టమే మార్చబడినది. బీమా చట్టాన్ని 2015లో సవరించినారు. తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలుగా వున్నట్లయితే, ఆ బీమా సొమ్ముపై వారికి స్వంత హక్కు లభిస్తుందని ఆ సవరణలో వ్రాసినారు. అయినప్పటికీ, ఇది ఇతర వారసుల హక్కును పూర్తిగా తొలగించునా లేదా అన్నదానిపై హైకోర్టులు వేర్వేరుగా తీర్పులు చెప్పినవి. కావున బీమా పాలసీ గలవారు నామినేషన్, వీలునామా ఒకే మాట చెప్పేటట్లు చూచుకొనుట క్షేమం. ఈ మినహాయింపును డిపాజిట్లకు, పొదుపు పత్రాలకు అన్వయించుకొనరాదు.

తేంగాయితిట్టు లెక్క

ఇప్పుడు ఆ వరండాలోని కాగితాలకు ఈ సూత్రాన్ని వర్తింపజేసి చూద్దాము.

మొదట పొదుపు పత్రాలు. ఆయన పత్రాలను గురించి వీలునామాలో ఏమీ వ్రాయలేదు. కావున 4 లక్షల సొమ్ము హిందూ వారసత్వ చట్టం ప్రకారం పోవలెను. ఆ చట్టంలో మొదటి తరగతి వారసులు ముందు వస్తారు. ఆ కుటుంబంలో వారు నలుగురు: తల్లి, భార్య, కుమారుడు, కుమార్తె. నలుగురికీ సమాన వాటాలు. అనగా తలకు 1 లక్ష. తమ్ముడు రెండవ తరగతి వారసుడు. మొదటి తరగతిలో ఒక్కరు జీవించి వున్నా రెండవ తరగతివారికి ఏమీ రాదు. కావున పోస్టాఫీసు 4 లక్షలూ తమ్మునికే ఇస్తుంది. అట్లా ఇచ్చుట సక్రమమే. కాని తమ్మునికి అందులో ఒక్క రూపాయి కూడా చెందదు. ఆయన ఆ నలుగురి తరపున సొమ్మును పట్టుకొన్నవాడు మాత్రమే.

ఇక్కడ మనవారు తరచు పొరబడే సంగతి ఒకటి వున్నది. తల్లి మొదటి తరగతి వారసురాలు. తండ్రి కాదు, ఆయన రెండవ తరగతిలోనివాడు. కొడుకు సొమ్ములో తల్లికి కోడలితో, మనుమలతో సమానమైన వాటా వున్నదని చాలా ఇళ్ళలో తెలియదు. ఆమె అడుగదు, ఎవరూ చెప్పరు.

రెండవది బ్యాంకు డిపాజిట్టు. ఇక్కడ వీలునామా వున్నది. కుమారుడు దానిపై మూడు అభ్యంతరాలు చెప్పినాడు. మూడూ వినదగినవే గనుక ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటి అభ్యంతరం, అది రిజిస్టరు కాలేదు, స్టాంపు కాగితం కాదు. సమాధానం: వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితం అవసరం లేదు. కావలసినది వ్రాసిన వ్యక్తి సంతకం, ఇద్దరు సాక్షులు. ఆయన సంతకం చేయగా ఆ సాక్షులు చూచి వుండవలెను, లేదా ఆ సంతకం తనదేనని ఆయన వారితో చెప్పి వుండవలెను. వారు ఆయన ఎదుటనే తమ సంతకాలు చేయవలెను. తేంగాయితిట్టులో ఆ ఇద్దరు సాక్షులూ జీవించి వున్నారు, తమ సంతకాలను ఒప్పుకొన్నారు. రిజిస్ట్రేషన్ చేయించినందువల్ల ప్రయోజనం లేకపోలేదు. కాగితం పోదు, అది దొంగ వీలునామా అన్న మాటకు బలం తగ్గుతుంది. కాని అది లేనంతమాత్రాన వీలునామా చెల్లకపోదు.

రెండవ అభ్యంతరం, వీలునామా వ్రాసిన రెండేళ్ళకు ఆ డిపాజిట్టును తిరిగి వేసినారు. అప్పుడు నామినీగా కుమారుని పేరు వ్రాసినారు. తరువాతి కాగితం ముందటి కాగితాన్ని రద్దు చేస్తుంది గదా అని వాదం. ఇది చాలామందిని తికమకపెట్టే వాదం. ఒక వీలునామాను తరువాతి వీలునామా రద్దు చేస్తుంది. లేదా అదే పద్ధతిలో ఇద్దరు సాక్షులతో వ్రాసిన రద్దు పత్రం రద్దు చేస్తుంది. లేదా రద్దు చేయవలెనన్న తలంపుతో ఆయనే దానిని చింపివేసినా, కాల్చివేసినా రద్దవుతుంది. నామినేషన్ వీటిలో ఏదీ కాదు. అది వీలునామా జాతికి చెందిన కాగితమే కాదు గనుక, తేదీ ముందుదా వెనుకదా అన్న ప్రశ్నయే పుట్టదు.

మూడవ అభ్యంతరం, వీలునామా వ్రాసిననాటి డిపాజిట్టు గడువు తీరిపోయినది, ఇప్పుడున్నది వేరే నెంబరు గల డిపాజిట్టు. ఈ అభ్యంతరంలో పదును వున్నది. వీలునామాలో ఫలానా నెంబరు డిపాజిట్టు అని మాత్రమే వ్రాసి వుండినట్లయితే, ఆ డిపాజిట్టు లేకుండాపోయిన కారణాన ఆ దానం నిలుచునా అన్న తగవు వచ్చేది. అదృష్టవశాత్తు ఆయన “బ్యాంకులో నా పేరనున్న డిపాజిట్లన్నియు” అని వ్రాసినాడు. ఆ ఒక్క మాట ఆ బిడ్డ హక్కును నిలబెట్టినది. వీలునామా వ్రాసేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. నెంబర్లు మారుతూ వుంటాయి. కావున ఏ బ్యాంకులోనైనా, ఏ నెంబరుపైనైనా, నా మరణకాలంలో వున్న సొమ్ము అనే అర్థం వచ్చేటట్లు వ్రాయవలెను.

కావున 6 లక్షలను బ్యాంకు కుమారునికి ఇస్తుంది. ఆ 6 లక్షలూ కుమార్తెవి. లెక్క ఇంతే. కాని లెక్క తేలినంత సులభంగా సొమ్ము చేతికి రాదు. ఆ విషయం చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

హక్కు వున్నా సొమ్ము ఎందుకు చిక్కదు?

కుమార్తె బ్యాంకుకు వెళ్ళి “మా నాన్న వీలునామా వున్నది, అన్నయ్యకు ఇవ్వవద్దు” అని ఉత్తరం ఇచ్చినట్లయితే ఏమవుతుంది? ఏమీ కాదు. డిపాజిటరు తప్ప ఇతరులెవరైనా పంపిన హక్కు నోటీసును బ్యాంకు లెక్కలోనికి తీసికొననవసరం లేదని బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలోనే వున్నది. బ్యాంకును ఆపగలిగినది కోర్టు ఉత్తర్వు ఒక్కటే. కావున నామినీపై నమ్మకం లేని వారసులు, సొమ్ము చెల్లింపు జరుగకముందే సివిల్ కోర్టులో దావా వేసి, చెల్లింపును నిలిపివేస్తూ ఉత్తర్వు తెచ్చుకొనవలెను. చెల్లింపు జరిగిపోయిన తరువాత బ్యాంకుపై పోరాటం వ్యర్థం. అప్పుడు దావా నామినీపైననే.

నామినీ ఖర్చు పెట్టివేసినట్లయితే? డిక్రీ వస్తుంది గాని డబ్బు రాదు. తేంగాయితిట్టులో జరిగినది దాదాపు ఇదే. మేము కూర్చుని మాట్లాడేలోపునే కుమారుడు డిపాజిట్టు సొమ్ము తీసికొని, అందులో 2 లక్షలు ఒక వ్యాపారంలో పెట్టివేసినాడు. ఆయన మోసగాడు కాడు, అది తన సొమ్మే అనుకొన్నాడు. విషయం తెలిసిన తరువాత 4 లక్షలు చెల్లెలి పేర వేసినాడు. మిగిలిన 2 లక్షలను నెలకు కొంత చొప్పున ఇస్తానని వ్రాసి ఇచ్చినాడు. ఆ సొమ్ము ఇంకా పూర్తిగా రాలేదు. తమ్ముడు మాత్రం, ఆయనను తలచుకొంటే ఇప్పటికీ నాకు గౌరవం కలుగుతుంది, పత్రాల సొమ్ము చేతికందిన వారంలోపల నలుగురికీ 1 లక్ష చొప్పున పంచివేసినాడు. తల్లి తన లక్షను కోడలికే ఇచ్చినది. కాని ఆమె ఇచ్చినది గనుక అది కోడలికి వెళ్ళినది. ఆమె వాటాయే లేదని ఎవరో నిర్ణయించుట వేరు, ఆమె ఇచ్చుట వేరు.

ఇక నామినీయే లేని ఖాతాల సంగతి. పోస్టాఫీసు పొదుపు ఖాతాలలో నామినీ గాని, కోర్టు పత్రం గాని లేనప్పుడు, 5 లక్షల వరకు వున్న సొమ్మును, మరణించిన 6 నెలల తరువాత, హక్కుదారుగా కనబడిన వ్యక్తికి ప్రమాణపత్రాలు తీసికొని ఇచ్చే వీలు 2018 నాటి నిబంధనలలో వున్నది. అంతకు మించినట్లయితే కోర్టునుండి సక్సెషన్ సర్టిఫికెట్టు తెచ్చుకొనవలెను. తహసీల్దారు ఇచ్చే వారసుల ధ్రువపత్రం వేరు, కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్టు వేరు. మొదటిది కుటుంబంలో ఎవరెవరు వున్నారో చెబుతుంది. రెండవది మృతునికి రావలసిన బాకీలను, డిపాజిట్లను వసూలు చేసికొనే అధికారాన్ని ఇస్తుంది. మొదటిదానితో పని అవుతుందనుకొని నెలల తరబడి తిరిగి, తరువాత కోర్టు మెట్లెక్కినవారు మనలో అనేకులు.

ఉద్యోగ సంబంధమైన సొమ్ము

రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకు డిపాజిట్లు గాక మరి రెండు విధాల సొమ్ము వున్నది. వీటి దారి వేరు.

మొదటిది ప్రావిడెంట్ ఫండ్. పెళ్ళికి ముందు తల్లి పేరు వ్రాసి, పెళ్ళైన తరువాత మార్చనివారు మన శాఖలలో ఎందరో వున్నారు. రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసిన ఒక ఉద్యోగి విషయంలో సరిగా ఇదే జరిగినది. 2003లో ఆయనకు పెళ్ళైనది. ఇతర కాగితాలలో భార్య పేరు వ్రాయించినాడు గాని, జనరల్ ప్రావిడెంట్ ఫండులో తల్లి పేరే మిగిలిపోయినది. 2021లో మరణించినాడు. ట్రిబ్యునల్ తల్లికి, భార్యకు చెరిసగం అన్నది. నామినేషన్ మారలేదు గనుక తల్లికే మొత్తం అని బొంబాయి హైకోర్టు అన్నది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు చెరిసగం తీర్పునే నిలబెట్టినది. ఉద్యోగికి కుటుంబం ఏర్పడినప్పుడు ఈ నామినేషన్ చెల్లదని ఆ ఫారంలోనే వ్రాసి వున్నది. పెళ్ళితో అది చెల్లకుండాపోయినది. అతడు మార్చనంతమాత్రాన చచ్చిన నామినేషన్ బ్రతికి రాదు అన్నది ఆ తీర్పు సారం. న్యాయం జరిగినది, సంతోషమే. కాని ఒక అత్త, ఒక కోడలు నాలుగు సంవత్సరాలకు పైగా మూడు న్యాయస్థానాలలో ఎదురుబొదురుగా నిలుచుండవలసి వచ్చినది. ఒక కాగితం మార్చివుంటే ఆ బాధ తప్పేది.

రెండవది కుటుంబ పింఛను. ఇది మన ఆస్తియే కాదు. ఈ మాటను 1991లో సుప్రీంకోర్టు ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం విషయంలోనే చెప్పినది. ఆ ఉద్యోగి వ్రాసినట్లు చెప్పబడిన వీలునామాను చూపి, ఆయన సోదరుడు రావలసిన సొమ్ములన్నీ తనవే అన్నాడు. భార్యాబిడ్డలు కోర్టుకు వెళ్ళినారు. కుటుంబ పింఛనుకు ఉద్యోగి చందా కట్టడు, తన జీవితకాలంలో దానిని తాను పొందడు, దానిపై ఆయనకు అధికారం లేదు, కావున దానిని వీలునామా ద్వారా మరొకరికి ఇవ్వజాలడు అని కోర్టు తీర్పు చెప్పినది. అది నిబంధనలు పేర్కొన్న కుటుంబసభ్యులకు నేరుగా చెందుతుంది. కావున ఎవరైనా వీలునామా చూపి “పింఛను కూడా నాదే” అని భార్యను బెదిరించినట్లయితే, ఆమె భయపడనవసరం లేదు.

వారసులెవరు అన్నది అందరికీ ఒకటి కాదు

నేను పైన వేసిన లెక్క హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబానిది. ముస్లిం సోదరులకు వారి ధర్మశాస్త్రం ప్రకారం వాటాలు వేరు. వారు ఇతర వారసుల సమ్మతి లేకుండా మూడవ వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వజాలరు. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంలలో మరొక విశేషం వున్నది. ఫ్రెంచి పాలనలో 1881 నాటి డిక్రీ ప్రకారం తమ ఆచార చట్టాన్ని వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన కుటుంబాలు వున్నవి. వారిని రెనోన్సాంలు అంటారు. 1963లో హిందూ వారసత్వ చట్టాన్ని ఈ ప్రాంతానికి విస్తరించినప్పుడు వీరిని మినహాయించినారు. ఫ్రెంచి స్మృతిలో సంతానానికి కొంతభాగం నిలువ వుంచవలెను, తండ్రి దానిని వీలునామాతో తీసివేయజాలడు. మీ తాతముత్తాతలలో ఎవరైనా అట్లా మారినట్లు కాగితాలు వున్నట్లయితే, వీలునామా వ్రాయకముందు స్థానిక న్యాయవాదిని తప్పక సంప్రదించండి. చట్టం ఏదైనా, నామినీ సూత్రం మారదు. మారేది వారసుల పట్టిక మాత్రమే.

చట్టమే మార్చరాదా అన్నవారికి

ఇంత చిక్కు ఎందుకు, నామినీనే యజమానిగా చేసివేస్తే కోర్టుల బాధ తప్పుతుంది గదా అని మన సభ్యులే కొందరు నాతో అన్నారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను.

నామినేషన్ ఫారం ఎట్లా నింపబడుతుందో మనకు తెలిసినట్లు మరెవరికీ తెలియదు. కౌంటరుకు అటు కూర్చున్నవారమూ మనమే, ఇటు నిలుచున్నవారమూ మనమే. ఇరవై రెండేళ్ళ యువకుడు ఉద్యోగంలో చేరిననాడు పది ఫారాలలో ఒకటిగా దానిపై సంతకం చేస్తాడు. వెనుక పదిమంది వరుసలో నిలిచి వుండగా, గుమాస్తా “ఒక పేరు చెప్పండి” అంటే నోటికి వచ్చిన పేరు చెబుతాడు. అట్టి కాగితానికి ఒక కుటుంబపు జీవనాధారాన్ని ఒకరికి ఇచ్చి మరొకరికి తీసివేసే బలం ఇవ్వరాదు. వీలునామాకు చట్టం ఇద్దరు సాక్షులను ఊరికే కోరలేదు. మనిషి నిదానంగా, తెలిసి, ఇతరుల ఎదుట చేసిన నిర్ణయమే నిలువవలెనని కోరినది. నామినీ యజమాని అయినట్లయితే, తేంగాయితిట్టులో తల్లికి, భార్యకు, కుమార్తెకు పొదుపు పత్రాలలో ఒక్క పైసా వచ్చేది కాదు.

తప్పు చట్టంలో లేదు, ఫారంలో వున్నది. “నామినీ ఈ సొమ్మును చట్టబద్ధులైన వారసుల తరపున అందుకొనును” అన్న ఒక్క వాక్యం నామినేషన్ ఫారంపై, ఆయా రాష్ట్ర భాషలో, పెద్ద అక్షరాలతో వుండవలెను. సొమ్ము చెల్లించే రోజున నామినీ సంతకం చేసే రసీదుపై కూడా అదే వాక్యం వుండవలెను. ఆ కుమారుడు రసీదుపై ఆ వాక్యం చదివి వుంటే ఆ 2 లక్షలను ముట్టుకొనేవాడు కాడని నా నమ్మకం. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీల వరకు, ఎవరికి ఎంత శాతమో తెలిపి వ్రాసే సౌకర్యం వచ్చినది. ఇది మంచి మార్పే. కాని శాతాలు వ్రాసేసరికి, ఇదే పంపకమని ప్రజలు మరింత గట్టిగా నమ్మే ప్రమాదం వున్నది. ఆ శాతాలు కూడా అందుకొనుటకే. కావున ఆ వాక్యం నేడు మరింత అవసరం. మన సమాఖ్య శాఖాధికారులతో జరిపే చర్చలలో ఈ కోరికను చేర్చవలెనని నా ప్రతిపాదన. దీనికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు కొద్దిపాటి సిరా మాత్రమే.

అంతవరకు మన చేతిలో వున్న పని మనము చేద్దాము. ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తీయండి. ఒక్కొక్క ఖాతాకు, పత్రానికి, పాలసీకి ఒక్కొక్క వరుస కేటాయించి నాలుగు విషయాలు వ్రాయండి: అది ఎక్కడ వున్నది, నామినీ ఎవరు, ఆ పేరు ఎప్పుడు వ్రాసినారు, ఆ సొమ్ము నిజంగా ఎవరికి చెందవలెనని మీ కోరిక. రెండవ గడిలోని పేరు, నాలుగవ గడిలోని పేరు ఒకటే అయినచోట కూడా, ఆ మనిషి మీ ఏకైక వారసుడు కానట్లయితే, వీలునామా అవసరమే. రెండు గడులలో వేర్వేరు పేర్లు వున్నట్లయితే మరుసటి పనిదినాననే నామినేషన్ మార్పు ఫారం నింపండి. మార్పు నమోదైనట్లు పాస్‌బుక్కులోనో, సర్వీసు రిజిస్టరులోనో చూచుకొన్న తరువాతనే తిరిగి రండి. వీలునామాకు సాక్షులుగా మీకంటె చిన్నవారిని, మీ సొమ్ముతో ఏ ప్రయోజనమూ లేనివారిని ఎన్నుకొనండి.

ఆ పుస్తకం ఎక్కడ వున్నదో భార్యకు చెప్పండి. తేంగాయితిట్టు వరండాలో ఆ ఇల్లాలు తలవంచుకొని నాతో అన్న మాట ఒక్కటే: “ఆయన ఎక్కడ ఏమి దాచినారో నాకు పెట్టె తెరిచిన తరువాతనే తెలిసినది, అన్నా.” ముప్పది సంవత్సరాలు ఇతరుల మనియార్డర్లను సరిగా చేర్చిన మనిషి ఆయన. తన సొమ్ము విషయంలో మాత్రం చిరునామా తప్పు వ్రాసి వెళ్ళిపోయినాడు.